రాత్రి పన్నెండు ఏ తేదీది? 12 గంటల, 24 గంటల పద్ధతులలో దేనిని ఎక్కడ వాడాలి

మా బంధువుల ఇంటి శుభలేఖలో సుముహూర్తం "19వ తేదీ శనివారం రాత్రి 1.32 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని అచ్చయింది. పెద్దవారెవరికీ అందులో సందేహం రాలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పిల్లవాడొకడు మాత్రం ఆ తేదీని, ఆ సమయాన్ని ఉన్నవి ఉన్నట్టుగా ఫోను క్యాలెండరులో 19, 1:32 ఏఎం అని రాసుకుని, 18వ తేదీ సాయంత్రానికే పెళ్లివారి ఊరు చేరుకున్నాడు. ఒక రోజు ముందు వచ్చాడు కనుక ఆ పొరపాటు ఒక రోజు సెలవుతో పోయింది. అదే పెళ్లికి వచ్చిన మరొక బంధువు శనివారం రాత్రి భోజనం ముగించుకుని, ముహూర్తం దాకా ఉండలేక, 12.20 రైలులో తిరిగి వెళ్లాలని ముందుగానే శనివారం తేదీకి టికెట్టు కొనిపెట్టుకున్నారు. ఆ టికెట్టు మీద 19వ తేదీ, 00:20 అని ఉంది. ఆయన స్టేషనుకు చేరేసరికి ఆ రైలు వెళ్లిపోయి ఇరవైనాలుగు గంటలైంది.

ఈ ఇద్దరికీ లెక్క రాదని చెప్పలేము. 17:00 అంటే సాయంత్రం 5 గంటలని ఇద్దరికీ తెలుసు. వారు తడబడింది గంటల మార్పిడిలో కాదు, అర్ధరాత్రి దాటాక తెల్లవారేలోపు ఉన్న సమయం ఏ తేదీకి చెందుతుందన్న విషయంలో. అందుచేత 12 గంటల పద్ధతి మంచిదా, 24 గంటల పద్ధతి మంచిదా అని అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఇది: చెప్పవలసిన సమయం పగటిపూటదైతే ఏ పద్ధతి వాడినా ఫరవాలేదు. అది పన్నెండు గంటలకు సంబంధించినదైనా, అర్ధరాత్రికి అటూఇటూ ఉన్నదైనా ఎంపిక జాగ్రత్తగా చేయాలి. ముందు మార్పిడి చూసి, ఆ తరువాత ఎంపికకు వద్దాము.

పన్నెండును సున్నాగా చదవడం

మార్పిడి నేర్పేటప్పుడు సాధారణంగా "మధ్యాహ్నం దాటితే 12 కలపండి" అని చెప్పి ఊరుకుంటారు. ఒంటిగంట నుంచి పదకొండు దాకా ఆ మాట సరిగానే పనిచేస్తుంది. సాయంత్రం 5.40కి 12 కలిపితే 17:40 వస్తుంది, రాత్రి 9.05కి కలిపితే 21:05 వస్తుంది, ఉదయం 7.15ను ఏమీ చేయకుండా 07:15 అని రాస్తే సరిపోతుంది. నిమిషాలు ఏ పద్ధతిలోనైనా ఒకటే, వాటిని ముట్టుకోనక్కరలేదు. చిక్కంతా పన్నెండు దగ్గర వస్తుంది. మధ్యాహ్నం 12.20కి ఆ సూత్రం ప్రకారం 12 కలిపితే 24:20 అవుతుంది, అటువంటి సమయం గడియారంలో లేదు. రాత్రి 12.20కి ఏమీ కలపకుండా వదిలేస్తే 12:20 అవుతుంది, అది మిట్టమధ్యాహ్నం.

దీనికి కారణం గోడ గడియారపు ముఖంలోనే ఉంది. మనం అంకెలను ఒకటి నుంచి లెక్కపెడతాము కనుక గడియారపు చుట్టు కూడా 1తో మొదలై 12తో ముగుస్తుందని అనుకుంటాము. నిజానికి ప్రతి చుట్టూ పైన ఉన్న 12 దగ్గర మొదలై, 11.59తో ముగుస్తుంది. అంటే ఆ 12 చుట్టు చివరిది కాదు, చుట్టు మొదటిది. అక్కడ సున్నా ఉండవలసినది, అలవాటు కొద్దీ 12 అని రాస్తున్నాము. ఈ ఒక్క సంగతి పట్టుబడితే విడివిడి నియమాలు గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు. 12 గంటల పద్ధతిలో పన్నెండు కనిపించిన చోట దానిని సున్నాగా చదువుకోవాలి. ఆ తరువాత ఏఎం అయితే అలాగే ఉంచాలి, పీఎం అయితే 12 కలపాలి. 12:20 ఏఎంలో పన్నెండును సున్నా చేస్తే 0:20, ఏమీ కలపనక్కరలేదు కనుక 00:20. 12:20 పీఎంలో పన్నెండును సున్నా చేస్తే 0:20, దానికి 12 కలిపితే 12:20. సాయంత్రం 5.40లో పన్నెండు లేదు కనుక నేరుగా 12 కలిపి 17:40 అంటాము. మూడింటికీ ఒకే దారి.

వెనక్కి రావడం ఇంకా తేలిక. 24 గంటల పద్ధతిలోని గంట 12 కంటే తక్కువైతే అది ఏఎం, 12 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే పీఎం. గంట 13 లేక అంతకంటే ఎక్కువైతే అందులోంచి 12 తీసివేయాలి. గంట 00 అయితే దాని స్థానంలో 12 అని రాయాలి. 12 అయితే 12గానే ఉంటుంది. 13 నుంచి 19 దాకా ఒకట్ల స్థానంలోని అంకెలోంచి రెండు తీసివేసినా సరిపోతుంది: 15లో 5 నుంచి 2 పోతే 3, కనుక మధ్యాహ్నం 3, 18లో 8 నుంచి 2 పోతే 6, కనుక సాయంత్రం 6. ఇరవై నుంచి ఈ చిట్కాను నమ్ముకోవద్దు. కొత్తగా నేర్చుకునేవారు 20:00ను చూడగానే పది గంటలని చదవడం నేను చాలాసార్లు విన్నాను. ఇరవైలోని సగం పది అన్న భావం మనసులో ముందే కూర్చుని ఉండడం వల్ల అలా జరుగుతుందేమో. ఇరవై అంటే రాత్రి 8, ఇరవై రెండు అంటే రాత్రి 10 అని రెండింటిని కంఠస్థం చేసుకుంటే వాటికి అటూఇటూ ఉన్నవి వాటంతట అవే వస్తాయి.

పొరపాటు జరిగిందేమో సరిచూసుకునేటప్పుడు ఒక తేడాను గమనించాలి. మధ్యాహ్నపు పన్నెండుకు 12 కలిపిన పొరపాటు 24:20 వంటి రూపంలో బయటపడుతుంది, అది ఎవరి కంటికైనా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది, ఏ రిజర్వేషన్ ఫారమూ దానిని తీసుకోదు. రాత్రి పన్నెండును మార్చకుండా వదిలేసిన పొరపాటు అలా కాదు. 12:20 చూడడానికి చక్కని సమయంలాగే ఉంటుంది, ఫారమూ తీసుకుంటుంది, అలారమూ పన్నెండు గంటలు ఆలస్యంగా మోగుతుంది. కాబట్టి ఎక్కడైనా 12తో మొదలయ్యే సమయాన్ని రాసినప్పుడు, రాసిన వెంటనే "ఇది అన్నం తినే వేళా, నిద్రపోయే వేళా" అని ఒకసారి అడిగి చూసుకోవడం మంచిది.

12 పీఎం మధ్యాహ్నమే ఎందుకయింది

ఏఎం, పీఎం అనేవి లాటిన్ మాటల పొట్టి రూపాలు. మొదటిది మధ్యాహ్నానికి ముందు అని, రెండవది మధ్యాహ్నం తరువాత అని అర్థమిస్తాయి. మన పూర్వాహ్ణం, అపరాహ్ణం అన్న మాటల నిర్మాణం కూడా ఇంచుమించు ఇదే. ఈ అర్థం ప్రకారం చూస్తే సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటలు ముందూ కాదు, తరువాతా కాదు, అదే మధ్యాహ్నం. అర్ధరాత్రి అయితే గడిచిన మధ్యాహ్నానికి పన్నెండు గంటలు తరువాత, రాబోయే మధ్యాహ్నానికి పన్నెండు గంటలు ముందు, కనుక దానికి రెండు పేర్లూ సమానంగా చెల్లుతాయి. అంటే 12 ఏఎం, 12 పీఎం అన్న రాతలకు మాటల అర్థంలోంచి సమాధానం దొరకదు, ఒప్పందం ప్రకారమే దొరుకుతుంది.

ఆ ఒప్పందం ఇప్పుడు ఫోనులలోను, కంప్యూటర్లలోను స్థిరపడింది: 12:00 పీఎం అంటే మధ్యాహ్నం, 12:00 ఏఎం అంటే అర్ధరాత్రి. దీనిలో ఒక తర్కం లేకపోలేదు. 12.01 నుంచి 12.59 దాకా ఉన్న సమయం నిస్సందేహంగా మధ్యాహ్నం తరువాతిదే, కనుక అది పీఎం. గంట అంకె 12 అని చూపుతున్నంతసేపూ గుర్తు మారకుండా ఉండాలంటే, మొదటి క్షణమైన 12.00 కూడా పీఎం కావలసిందే. 11:59 ఏఎం తరువాత 12:00 పీఎం వస్తుందని, అంటే పన్నెండు దగ్గర అంకె, గుర్తు రెండూ ఒకేసారి మారతాయని గుర్తుంచుకుంటే చాలు.

అయితే ఈ ఒప్పందం అందరికీ మొదటి నుంచీ ఒకటిగా లేదు. అమెరికా ప్రభుత్వ ముద్రణా కార్యాలయం తన ప్రచురణలకోసం వెలువరించే రచనా నియమావళి 2000 నాటి కూర్పులో 12 ఏఎం అంటే మధ్యాహ్నమని, 12 పీఎం అంటే అర్ధరాత్రి అని ఉండేది. 2008 నాటి కూర్పులో దానిని తిరగవేసి ఇప్పటి వాడుకకు తెచ్చారు. ఒక ప్రభుత్వమే ఎనిమిదేళ్లలో అర్థాన్ని తలకిందులు చేసినప్పుడు, రసీదు మీదనో నోటీసు మీదనో ఉత్త 12 ఏఎం అని చూసి తికమకపడిన మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ దేశపు ప్రమాణాల సంస్థ కూడా ఈ గుర్తులను పన్నెండుతో వాడకుండా మధ్యాహ్నం, అర్ధరాత్రి అన్న మాటలనే రాయమని, తేదీ ముఖ్యమైన చోట 11:59 పీఎం అని గాని 12:01 ఏఎం అని గాని రాయమని సలహా ఇస్తుంది.

మనకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. తెలుగులో ఏఎం, పీఎం అన్న రెండు పెట్టెలకు బదులుగా తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్న ఐదు మాటలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. పంచాంగంలో తిథి ఎప్పటిదాకా ఉందో చెప్పే చోట ఉ, మ, సా, రా, తె అని పొడి అక్షరాలలో అచ్చువేసేవి ఇవే. "మధ్యాహ్నం 12.20" అన్నప్పుడు ఎవరికీ ఏ ఒప్పందమూ గుర్తుండనక్కరలేదు. కనుక మాటలో గాని, తెలుగు రాతలో గాని 12 గంటల పద్ధతి వాడదలచినవారు ఏఎం, పీఎంలను పక్కన పెట్టి ఈ మాటలు వాడడమే మేలు.

ఒక తేదీకి రెండు అర్ధరాత్రులు

ఇక అసలు చిక్కు. ప్రతి తేదీకీ రెండు అర్ధరాత్రులు ఉంటాయి, ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. 24 గంటల పద్ధతిలో మొదటిదానిని 00:00 అని, చివరిదానిని 24:00 అని రాస్తారు. 19వ తేదీ 24:00, 20వ తేదీ 00:00 ఒకే క్షణానికి రెండు పేర్లు. అంకెల గడియారం సాధారణంగా 24:00ను చూపించదు, 23:59 తరువాత 00:00 చూపి తేదీని మారుస్తుంది. 24:00 అన్నది కాగితం మీద "ఆ రోజు పూర్తయ్యేదాకా" అని చెప్పడానికే పనికివస్తుంది.

"19వ తేదీ అర్ధరాత్రి" అని మాత్రమే రాస్తే ఈ రెండింటిలో ఏదన్న సంగతి తేలదు. మన వాడుకలో అది సాధారణంగా తేదీ చివరి అర్ధరాత్రి. "1947 ఆగస్టు 14 అర్ధరాత్రి స్వాతంత్ర్యం వచ్చింది" అని మనం చెప్పుకునేది 14వ తేదీ ముగిసి 15వ తేదీ ప్రారంభమైన క్షణం గురించి. 2016 నవంబరు 8న పాత ఐదువందల, వెయ్యి రూపాయల నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవని చెప్పినప్పుడు ఎవరూ తికమకపడలేదు. ఆ ప్రకటన వచ్చింది రాత్రి 8 గంటలకు కనుక, 8వ తేదీ మొదటి అర్ధరాత్రి అప్పటికే గడిచిపోయింది, మిగిలింది ఒక్కటే. అటువంటి ఆధారం లేని చోట చదివేవారు తమకు తోచినట్టు అర్థం చేసుకుంటారు. దరఖాస్తులకు చివరి గడువు 30వ తేదీ 12:00 ఏఎం అని ఎవరైనా రాస్తే, ఫోను లెక్క ప్రకారం 29వ తేదీ ముగియగానే గడువు తీరిపోయినట్టే. రాసినవారి ఉద్దేశం మాత్రం 30వ తేదీ రాత్రంతా అని అయి ఉండవచ్చు. ఉద్యోగ ప్రకటనలలో, ఫీజు గడువులలో 11:59 పీఎం అన్న విచిత్రమైన సమయం తరచు కనిపించడానికి కారణం ఇదే. ఒక నిమిషం వదులుకుంటే తేదీ గురించిన సందేహం మిగలదు.

తెలుగువారికి ఈ చిక్కు మరికొంత లోతుగా ఉంటుంది, ఎందుకంటే మన సంప్రదాయంలో వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. పంచాంగం ప్రకారం శనివారం శనివారపు సూర్యోదయంతో మొదలై ఆదివారపు సూర్యోదయందాకా ఉంటుంది. కనుక రాత్రి ఒకటిన్నరకు ముహూర్తం ఉంటే అది ఇంకా శనివారపు రాత్రే. క్యాలెండరు లెక్క వేరు. అర్ధరాత్రి దాటగానే దానికి ఆదివారం వచ్చేస్తుంది. ఈ రెండు లెక్కలకూ నడుమ వంతెనగా శుభలేఖలలో "తెల్లవారితే ఆదివారం" అన్న మాట చేరింది. నా దృష్టిలో అది చాలా తెలివైన మాట, ఎందుకంటే అది ఏ రాత్రో చెబుతుంది, ఆ రాత్రి తరువాత వచ్చే వారమూ చెబుతుంది. ఆ మాట చూసినప్పుడల్లా, సమయం 12కు గాని 12 దాటాక గాని ఉంటే, ఫోనులో ఒక తేదీ ముందుకు జరపాలని గుర్తుంచుకోవాలి. మా వారి శుభలేఖలోని "19వ తేదీ శనివారం రాత్రి 1.32, తెల్లవారితే ఆదివారం" అన్నది 24 గంటల పద్ధతిలో 20వ తేదీ, ఆదివారం, 01:32. మా పిల్లవాడు గంటను సరిగానే మార్చుకున్నాడు, తేదీని జరపలేదు, అంతే.

రైలు టికెట్టు దగ్గర జరిగినది ఇదే పొరపాటు, ఎదురు దిక్కునుంచి. సాయంత్రం 18:40కి ఒక స్టేషనులో బయలుదేరిన రైలు మనం ఎక్కే ఊరికి 00:20కి వస్తుందనుకుందాము. శనివారం, 19వ తేదీ బయలుదేరిన రైలు మన ఊరికి వచ్చేసరికి 20వ తేదీ ఆదివారం అవుతుంది. అందుకే రైల్వే సమయసారిణిలో ప్రతి స్టేషను ఎదుటా బయలుదేరిన రోజు నుంచి ఎన్నవ రోజో తెలిపే గడి ఉంటుంది. 18:40 ఎదుట 1, 00:20 ఎదుట 2 కనిపిస్తాయి. టికెట్టుకు ఇవ్వవలసినది మనం ఎక్కే స్టేషనులోని తేదీ, అంటే 20. శనివారం రాత్రి భోజనం చేసి వెళ్లే మనిషికి అది శనివారపు ప్రయాణంలాగే తోస్తుంది, కనుక చేయి 19 మీదికి పోతుంది. 19వ తేదీ 00:20 రైలును అందుకోవాలంటే శుక్రవారం రాత్రి భోజనం చేసి బయలుదేరాలి. టికెట్టు కొనేముందు "ఈ రైలు ఎక్కడానికి నేను ఏ రోజు రాత్రి భోజనం చేసి ఇంటినుంచి బయలుదేరతాను" అని అడిగి, ఆ రోజుకు మరుసటి తేదీ టికెట్టు మీద ఉందో లేదో చూసుకుంటే ఈ పొరపాటు జరగదు.

విమానాలకూ ఇదే వర్తిస్తుంది. శంషాబాదు నుంచి విదేశాలకు అర్ధరాత్రి దాటాక వెళ్లే విమానాలకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. 20వ తేదీ 01:30 విమానానికి మూడు గంటలు ముందు విమానాశ్రయంలో ఉండాలనుకుంటే, 1.30లోంచి 3 గంటలు పోవు. అప్పుడు 24 కలిపి 25:30 చేసి, అందులోంచి 3:00 తీసివేస్తే 22:30 వస్తుంది. 24 కలిపాము కనుక తేదీ ఒకటి వెనక్కి పోతుంది. అంటే 19వ తేదీ రాత్రి 10.30కే అక్కడ ఉండాలి. ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు "20న విమానం" అని కాక "19 రాత్రి పదిన్నరకు విమానాశ్రయంలో ఉండాలి" అని చెప్పడం క్షేమం.

ఎక్కడ ఏది

టికెట్లు, విధుల పట్టికలు, ఆసుపత్రిలో మందులు ఇచ్చిన సమయాల నమోదు, యంత్రాల రికార్డులు, ఇలా ఒకరు రాసినదాన్ని ఇంకొకరు, అక్కడ లేనివారు, చదివి పని చేయవలసిన చోట 24 గంటల పద్ధతినే వాడాలి. గుర్తు ఊడిపోవడమన్న ప్రమాదం అక్కడ ఉండదు. 8:00 అని రాసి ఏఎం రాయడం మరిచిపోతే అది రెండు సమయాలకు సరిపోతుంది. 08:00, 20:00 అలా కావు. ముందు సున్నాతో కలిపి రెండేసి అంకెలు రాయడం కూడా ఈ పద్ధతిలో భాగమే. సున్నా లేని 8:00 అన్న రాత చూస్తే చదివేవారికి అది ఏ పద్ధతో అన్న అనుమానం మళ్లీ వస్తుంది. రాత్రి పనివేళల లెక్కకు కూడా ఇదే అనుకూలం. 22:15కు చేరి 06:05కు దిగినవారు ఎంతసేపు పని చేశారో చూడాలంటే, 22:15 నుంచి 24:00 దాకా 1 గంట 45 నిమిషాలు, 00:00 నుంచి 06:05 దాకా 6 గంటల 5 నిమిషాలు, మొత్తం 7 గంటల 50 నిమిషాలు. ఇటువంటి పట్టికలలో తేదీ గడిని మాత్రం వదలకూడదు, ఎందుకంటే 24 గంటల పద్ధతి గంటను స్పష్టం చేస్తుంది గాని, తేదీని స్పష్టం చేయదు. నా బంధువు చేతిలోని టికెట్టు మీద 00:20 అని స్పష్టంగానే ఉంది కదా.

మాట్లాడేటప్పుడు 24 గంటల పద్ధతిని బలవంతంగా తేవద్దు. రైల్వే స్టేషనులో "పదిహేడు గంటల నలభై నిమిషములకు" అని విని మనం లోలోపల ఐదు నలభై అనుకుంటాము. "పదిహేడున్నరకు ఇంటికి రండి" అని తెలుగులో ఎవరూ పిలవరు, అలా పిలిస్తే పిలుపులా ఉండదు. సాయంత్రం ఐదున్నర, రాత్రి పన్నెండున్నర అన్నవే మన నోటికి వచ్చే మాటలు. ఆ పన్నెండున్నర, ఒంటిగంట, రెండున్నరల విషయంలో మాత్రం ఒక్క మాట కలపాలి. "శనివారం రాత్రి ఒంటిగంటకు" అన్నవారిని "తెల్లవారితే ఆదివారమేనా" అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. "రాత్రి రెండు", "తెల్లవారుజామున రెండు" అన్న రెండు మాటలూ ఒకే గంటకు వాడుకలో ఉన్నాయి. నాకు తెలిసినంతలో మొదటిది అన్నవారు గడిచిన వారాన్ని, రెండవది అన్నవారు రాబోయే వారాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు. "ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు" అన్నప్పుడు క్యాలెండరుకూ మాటకూ తేడా రాదు, కనుక రెండింటిలో నేను దానినే ఎంచుకుంటాను.

శుభలేఖల వంటివి రెండు రకాలవారూ చదువుతారు. పెద్దలకు వారం, తిథి కావాలి, దూరంనుంచి వచ్చేవారికి క్యాలెండరు తేదీ కావాలి. అక్కడ ఏదో ఒకటి ఎంచుకోవడం కన్నా రెండూ ఇవ్వడమే సబబు: "19వ తేదీ శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, అనగా 20వ తేదీ 01:32కు". ఇందులో పాత పద్ధతి చెడలేదు, ఫోనులో రాసుకునేవారికి కావలసిన తేదీ, గంట విడిగా దొరికాయి. గడువులు రాసేవారు 12కు దూరంగా జరిగి 23:59 అని రాయాలి. బీమా పత్రాలలో కనిపించే "20వ తేదీ 00:00 గంటల నుంచి" అన్న రాత కూడా మంచిదే, మొదలయ్యేదానికి 00:00, ముగిసేదానికి 23:59 వాడితే చదివేవారు తేదీని వెతుక్కోనక్కరలేదు. 12 ఏఎం, 12 పీఎం అన్నవాటిని మాత్రం చదవడం నేర్చుకోండి, రాయకండి.

చివరగా ఫోను. ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగులలోని తేదీ, సమయం అన్న భాగంలో, ఐఫోనులో సెట్టింగులలో జనరల్ కింద అదే భాగంలో, 24 గంటల పద్ధతికి మార్చే మీట ఉంటుంది. అలారం ఎక్కువగా పెట్టుకునేవారికి, రాత్రి పనివేళలు ఉన్నవారికి ఆ మార్పు చేసుకోమని చెబుతాను. తెర మీద AM, PM అన్న చిన్న అక్షరాలను గమనించకపోవడం వల్ల తెల్లవారుజామున మోగవలసిన అలారం సాయంత్రం మోగడం చాలా ఇళ్లలో జరిగేదే, ఈ మీట నొక్కితే ఆ అక్షరాలే ఉండవు. ఇంట్లో పెద్దవారి ఫోనును వారిని అడగకుండా మార్చకండి, 21:10 చూసి వారు గడియారం చెడిపోయిందనుకోవచ్చు. మార్చుకున్నవారు మొదటి కొద్ది రోజులు రాత్రి పడుకునేముందు అలారం పక్కన కనిపించే "ఇంకా ఇన్ని గంటలకు మోగుతుంది" అన్న వాక్యాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి. రాత్రి 10 గంటలకు పెట్టిన 05:00 అలారం ఏడు గంటల తరువాత మోగుతుందని అక్కడ ఉండాలి. పంతొమ్మిది గంటలని ఉంటే పెట్టింది 17:00.